నెలాఖరు స్టేట్‌మెంట్ల నుంచి డ్రాడౌన్, వోలటిలిటీ: ముందు మీరు తీసిన డబ్బు, వేసిన డబ్బు పక్కన పెట్టండి

ప్రశ్న: నా సీఏఎస్‌లోంచి, అంటే ఫండ్లూ షేర్లూ అన్నీ ఒకేచోట చూపే స్టేట్‌మెంట్‌లోంచి, 2024 మార్చి నుంచి 2025 మార్చి వరకు నెలాఖరు విలువలు తీసి ఎక్సెల్‌లో పెట్టాను. శిఖరం నుంచి అతి పెద్ద పతనం 19.6 శాతం అని వచ్చింది, అదీ జూన్‌లో. వోలటిలిటీ, అంటే రాబడుల ఊగిసలాట, 45 శాతం అంటోంది. నా దగ్గరున్నవి మామూలు ఈక్విటీ ఫండ్లు, కొన్ని పెద్ద కంపెనీల షేర్లు, అంతే. జూన్‌లో మార్కెట్ పెరిగింది కదా? మధ్యలో జూన్ 10న పాప కాలేజీ ఫీజుకి 2.5 లక్షలు తీశాను, నవంబరు 20న 3 లక్షలు వేశాను. ఎక్కడ తప్పు చేశాను?

సమాధానం:

ఎక్సెల్ తప్పేమీ చెయ్యలేదండీ. మీరిచ్చిన అంకెల్లోనే రెండు సంగతులు కలిసిపోయాయి. చెరువులో మట్టం తగ్గితే ఎండకి ఇంకిందా, ఎవరైనా తూము ఎత్తారా అని ముందు చూస్తాం. జూన్‌లో తూము ఎత్తింది మీరే. నవంబరులో ట్యాంకరుతో నీళ్ళు తెచ్చి పోసిందీ మీరే. స్టేట్‌మెంట్‌కి ఆ తేడా తెలియదు, నెల చివర మట్టం ఎంతుందో రాసి ఊరుకుంటుంది. నెలవారీ విలువల పక్కన మార్పు శాతం అని ఒక వరుస కనిపిస్తుంది చూడండి, అది కూడా ఇంతే. అది రాబడి అనుకుని నేరుగా కాపీ చేసుకునేవాళ్ళు చాలామంది. మొదట్లో నేనూ చేశాను.

కాబట్టి డ్రాడౌన్, అంటే శిఖరం నుంచి పతనం, విలువల మీద కట్టకూడదు. విలువల్లోంచి మీ డబ్బు రాకపోకలు తీసేసి, మిగిలిన దాని మీద కట్టాలి. మ్యూచువల్ ఫండ్ నడిపేవాళ్ళది రోజూ ఇదే పరిస్థితి. వాళ్ళ దగ్గరికి రోజూ కోట్లు వస్తాయి, పోతాయి, అయినా ఎన్‌ఏవీ, అంటే ఒక్కో యూనిట్ ధర, దానివల్ల కదలదు. కొత్తగా వచ్చిన డబ్బుకి ఆ రోజు ధరకి కొత్త యూనిట్లు ఇస్తారు, వెళ్ళిపోయిన డబ్బుకి యూనిట్లు రద్దు చేస్తారు. యూనిట్ ధర మాత్రం లోపలున్న షేర్లు ఏం చేశాయో అదే చెబుతుంది. మీ పోర్ట్‌ఫోలియోని కూడా ఒక చిన్న ఫండ్ అనుకోండి. 2024 మార్చి 31న యూనిట్ ధర 100 రూపాయలు అని మొదలుపెడదాం.

డబ్బు కదలని నెలల్లో లెక్క తేలికే, ఈ నెల విలువని పోయిన నెల విలువతో భాగిస్తే సరి. ఏప్రిల్‌లో 10,00,000 కాస్తా 10,20,000 అయింది, యూనిట్ 102. మే చివర 10,10,000, యూనిట్ 101. జూన్ దగ్గరే అసలు పని.

మే చివర 10,10,000. జూన్ చివర 8,20,000. మధ్యలో 2,50,000 బయటికి వెళ్ళింది. అంటే తగ్గిన 1,90,000లో 2,50,000 మీరు తీసుకున్నదే, దాన్ని వెనక్కి కలిపితే పోర్ట్‌ఫోలియో నిజానికి 60,000 సంపాదించింది. ఈ 60,000 ఎంత సొమ్ము మీద వచ్చింది? 10,10,000 మీద అందామంటే ఆ డబ్బంతా నెలంతా లేదు. 7,60,000 మీద అందామంటే మొదటి పది రోజులు 2.5 లక్షలు లోపలే ఉన్నాయి. వడ్డీ లెక్కలో రోజులు కట్టినట్టే ఇక్కడా కట్టాలి. 30 రోజుల్లో 20 రోజులు ఆ 2,50,000 లేదు, అంటే 2,50,000 × 20/30 = 1,66,667. దీన్ని 10,10,000లోంచి తీసేస్తే 8,43,333. ఆ నెలలో సగటున పని చేసిన సొమ్ము ఇది. 60,000ని దీంతో భాగిస్తే 7.11 శాతం. యూనిట్ 101 నుంచి 108.19కి పెరిగింది. మీ ఎక్సెల్ 19 శాతం పడిందన్న నెలలో మీరు 7 శాతం సంపాదించారు.

ఈ పద్ధతిని మాడిఫైడ్ డీట్జ్ అంటారు. నవంబరుకీ అంతే. 8,21,000 కాస్తా 11,19,000 అయింది, అందులో 3,00,000 మీరు వేసినదే, కాబట్టి పోర్ట్‌ఫోలియో చేసింది 2,000 నష్టం. 20న వేసిన డబ్బు పది రోజులే పని చేసింది కనుక కలపాల్సింది 1,00,000, భాగించాల్సింది 9,21,000తో. మైనస్ 0.22 శాతం. మీ పట్టికలో అది 36 శాతం లాభంగా ఉండి ఉంటుంది.

మొత్తం ఇలా వస్తుంది:

| నెలాఖరు | విలువ ₹ | వేసింది / తీసింది ₹ | రాబడి % | యూనిట్ | శిఖరం నుంచి % |
|---|---|---|---|---|---|
| మార్చి 2024 | 10,00,000 | | | 100.00 | 0 |
| ఏప్రిల్ | 10,20,000 | | 2.00 | 102.00 | 0 |
| మే | 10,10,000 | | −0.98 | 101.00 | −0.98 |
| జూన్ | 8,20,000 | −2,50,000 | 7.11 | 108.19 | 0 |
| జులై | 8,53,000 | | 4.02 | 112.54 | 0 |
| ఆగస్టు | 8,61,000 | | 0.94 | 113.60 | 0 |
| సెప్టెంబరు | 8,80,000 | | 2.21 | 116.10 | 0 |
| అక్టోబరు | 8,21,000 | | −6.70 | 108.32 | −6.70 |
| నవంబరు | 11,19,000 | +3,00,000 | −0.22 | 108.08 | −6.91 |
| డిసెంబరు | 10,93,000 | | −2.32 | 105.57 | −9.07 |
| జనవరి 2025 | 10,52,000 | | −3.75 | 101.61 | −12.48 |
| ఫిబ్రవరి | 9,75,000 | | −7.32 | 94.17 | −18.89 |
| మార్చి | 10,40,000 | | 6.67 | 100.45 | −13.48 |

ఎక్సెల్‌లో A నెల, B విలువ, C కదిలిన డబ్బు (తీస్తే మైనస్), D రోజుల లెక్క కట్టిన డబ్బు, అంటే C × మిగిలిన రోజులు / నెల రోజులు. E రాబడి, F యూనిట్, G అప్పటివరకు శిఖరం, H శిఖరం నుంచి పతనం. చివరి రెండు సూత్రాలు అతి పెద్ద పతనం, ఏడాది వోలటిలిటీ ఇస్తాయి. రెండో వరుసలో మార్చి 2024 ఉందనుకుంటే, F2లో 100 టైప్ చేసి మూడో వరుస నుంచి కిందికి లాగండి:

```
E3: =(B3-B2-C3)/(B2+D3)
F3: =F2*(1+E3)
G3: =MAX(F$2:F3)
H3: =F3/G3-1

=MIN(H3:H14)
=STDEV.S(E3:E14)*SQRT(12)
```

G వరుసలో ఆ డాలర్ గుర్తు మర్చిపోకండి. అది లేకపోతే కిందికి లాగేకొద్దీ పాత శిఖరం జారిపోతుంది, డ్రాడౌన్ చిన్నదిగా కనిపిస్తుంది. ఎక్కడా ఎర్రర్ రాదు కనుక ఎవరూ పట్టుకోలేరు.

C వరుసలో గుర్తు తారుమారు కావడం ఇంకో మామూలు పొరపాటు. దాన్ని పట్టుకోవడానికి నేను చేసే పని ఒకటే: డబ్బు కదిలిన నెలల్లో వచ్చిన రాబడిని అదే నెల నిఫ్టీతో పోల్చి చూస్తాను. 2024 మే చివర నిఫ్టీ 22,530.70, జూన్ చివర 24,010.60, అంటే 6.6 శాతం పెరిగింది. మీకు 7.1 వచ్చింది, బాగానే ఉంది. నవంబరులో నిఫ్టీ 0.3 శాతం తగ్గింది, మీకు 0.2 తగ్గింది. జూన్‌లో మైనస్ పెట్టాల్సిన చోట ప్లస్ పెట్టి ఉంటే మైనస్ 37 శాతం వచ్చేది. పెద్ద కంపెనీల ఫండ్లున్న పోర్ట్‌ఫోలియో, నిఫ్టీ పెరిగిన నెలలో అంత పడిందంటే ఆ అంకె మార్కెట్‌ది కాదు, మన వేలిది.

ఇప్పుడు మీ అసలు జవాబు: అతి పెద్ద పతనం 18.9 శాతం, 2024 సెప్టెంబరు చివర నుంచి 2025 ఫిబ్రవరి చివర వరకు. మీకు ముందు వచ్చిన 19.6కి ఇది దగ్గరగా ఉందని సంతోషించకండి. ఆ 19.6 ఏప్రిల్ నుంచి జూన్‌కి పడిన అంకె, పూర్తిగా కాలేజీ ఫీజుది. ఈ రెండూ పక్కపక్కన రావడం కాకతాళీయం, నిజం చెప్పాలంటే దురదృష్టం కూడా. జూన్ అన్న మాట మీరు గమనించకపోయి ఉంటే, అంకె నమ్మేటట్టే ఉంది కదా అని అలాగే వాడేసేవారు. అసలు పతనమేమో నవంబరులో వేసిన 3 లక్షల వెనక దాక్కుంది. విలువల వరుసలో నవంబరు నుంచి ఫిబ్రవరికి 12.9 శాతమే తగ్గినట్టు ఉంటుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. 18.9 శాతం అనేది పోర్ట్‌ఫోలియో ఎంత పడిందో చెబుతుంది. మీ జేబుకి ఎంత చిల్లు పడిందో చెప్పదు. సెప్టెంబరు చివర 8,80,000, మధ్యలో 3,00,000 వేశారు, ఫిబ్రవరి చివర 9,75,000, అంటే పోయింది 2,05,000. 8,80,000లో 18.9 శాతం అయితే 1,66,000 దగ్గరే. మిగతా నష్టం నవంబరులో వేసిన డబ్బు మీద వచ్చింది, ఎందుకంటే అది వచ్చాక కూడా మూడు నెలలు పడుతూనే ఉంది. ఫండ్‌తోనో నిఫ్టీతోనో పోల్చడానికి శాతం వాడండి. ఇంట్లో వాళ్ళకి ఎంత పోయిందో చెప్పాల్సి వస్తే 2,05,000 చెప్పండి. ఒకదాన్ని ఇంకోదాని చోట పెడితేనే గొడవ.

వోలటిలిటీకి వద్దాం. రాబడులు సగటు నుంచి ఎంత ఎడంగా ఉన్నాయో కొలిచే STDEV.S ఆ వరుస మీద కడితే నెలకి 4.67 శాతం. దాన్ని 12 వర్గమూలంతో, అంటే 3.464తో గుణిస్తే ఏడాదికి 16.2 శాతం. ఈక్విటీ పోర్ట్‌ఫోలియోకి ఇది మామూలు అంకె. మీ 45 ఎక్కడ నుంచి వచ్చిందో చూశాను. సగటు నుంచి ఎడం ఎంతో తీసి వర్గం చేసి కూడితే, ఆ మొత్తంలో 89 శాతం జూన్, నవంబరులదే. తక్కిన పది నెలలూ కలిసి 11 శాతం. వర్గం చేసేటప్పుడు ఒక్క పెద్ద అంకె మిగతావాటిని మింగేస్తుంది.

కొందరు 4.67ని 12తో గుణించి 56 అంటారు. పెరిగిన నెలలూ తగ్గిన నెలలూ ఒకదాన్నొకటి కొంత కొట్టేసుకుంటాయి కనుక ఊగిసలాట నెలల సంఖ్యతో పాటు పెరగదు, దాని వర్గమూలంతో పెరుగుతుంది. STDEV.P వాడితే 15.5 వస్తుంది. పన్నెండు నెలలు ఒక మచ్చుతునక మాత్రమే కాబట్టి STDEV.S సరైనది, కానీ ఈ తేడా గురించి తల బద్దలు కొట్టుకోనవసరం లేదు. ఎందుకంటే దీనికన్నా పెద్ద అనిశ్చితి ఇంకొకటుంది. పన్నెండు రాబడుల నుంచి తీసిన 16.2కి, మామూలు గణాంకాల లెక్క ప్రకారం, 95 శాతం నమ్మకంతో చెప్పగలిగే హద్దులు సుమారు 11.5 నుంచి 27.5 వరకు ఉంటాయి. అరవై నెలలుంటే అవే హద్దులు 13.7 నుంచి 19.8కి కుదించుకుంటాయి. కాబట్టి ఏడాది స్టేట్‌మెంట్లతో నా వోలటిలిటీ 16.2, మా బావమరిదిది 18, నాదే మేలు అనడానికి వీల్లేదు. 16 దరిదాపుల్లో అని చెప్పి దశాంశం కొట్టేయండి. వీలైతే పాత స్టేట్‌మెంట్లు మూడేళ్ళవైనా బయటికి తీయండి.

ఈ రెండు అంకెలూ ఒకే సంగతి చెబుతాయని చాలామంది అనుకుంటారు. చెప్పవు. మీ పన్నెండు రాబడులనే తీసుకుని, అంకెలేవీ మార్చకుండా వరుస మాత్రం మార్చాను, ఒక లాభం ఒక నష్టం వచ్చేటట్టు: 2.00, −6.70, 7.11, −7.32, 6.67, −3.75, 4.02, −2.32, 2.21, −0.98, 0.94, −0.22. వోలటిలిటీ అదే 16.2. ఏడాది చివర యూనిట్ అదే 100.45 దగ్గర. కానీ అతి పెద్ద పతనం 7.4 శాతమే. మీకు 18.9 వచ్చిందంటే ఆ నష్టపు నెలలు అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు ఐదూ వరసగా రావడం వల్ల. వోలటిలిటీకి వరుస కనపడదు, అది నెలలన్నిటినీ ఒక బుట్టలో వేసి కలిపేస్తుంది. డ్రాడౌన్‌కి కనపడేది వరుసే. ఈమధ్యే రిటైరై నెలనెలా డబ్బు తీసుకునేవాళ్ళు ఎవరైనా అడిగితే నేను ముందు డ్రాడౌనే చూస్తాను. వోలటిలిటీ 16 అని చెప్పి ధైర్యం ఇవ్వడం నాకు ఇష్టం ఉండదు.

ఇక నెలాఖరు విలువల్లో కనపడనిది ఒకటుంది. స్టేట్‌మెంట్ నెలకొక్క ఫోటో తీస్తుంది. ఆ రెండు ఫోటోల మధ్య ఏం జరిగినా దానికి తెలియదు. ఎంత దాస్తుందో పతనం తీరుని బట్టి ఉంటుంది. రెండు నిజమైన పతనాలు పక్కపక్కన పెట్టి చూస్తే బాగా అర్థమవుతుంది.

2020లో నిఫ్టీ జనవరి 14న 12,362 దగ్గర ముగిసింది. జనతా కర్ఫ్యూ మర్నాడు, మార్చి 23న, 7,610 దగ్గర ముగిసింది. రోజువారీ ముగింపుల మీద పతనం 38.4 శాతం. అదే నెలాఖరు అంకెల్లో శిఖరం 2019 డిసెంబరు చివరి 12,168, లోయ 2020 మార్చి 31నాటి 8,598. పతనం 29.3 శాతం. తొమ్మిది శాతం మాయం. మార్చి 23 తర్వాత ఎనిమిది రోజుల్లోనే మార్కెట్ 13 శాతం లేచి కూర్చుంది, ఫోటో తీసింది ఆ తర్వాత.

2024-25లో అలా జరగలేదు. సెప్టెంబరు 26న 26,216, మార్చి 4న 22,083. రోజువారీ లెక్కలో 15.8 శాతం. నెలాఖరు లెక్కలో సెప్టెంబరు చివరి 25,811 నుంచి ఫిబ్రవరి చివరి 22,125కి 14.3 శాతం. తేడా ఒకటిన్నర శాతం, అంతే. నెమ్మదిగా, నెలల తరబడి జారిన పతనం కనుక నెలాఖరు ఫోటోలు దాన్ని దాదాపు పూర్తిగా పట్టుకున్నాయి. మీ 18.9 ఈ పతనంలోదే, కాబట్టి రోజువారీ లెక్క కట్టినా మీకు ఇరవైకి ఇటూ అటూగా వస్తుందని నా అంచనా. పోలికకి కూడా ఇదే కొలబద్ద వాడండి. నెలాఖరు లెక్కకి నెలాఖరు లెక్క పెడితే మీ 18.9 ఎదురుగా నిఫ్టీ 14.3. ఏదో వెబ్‌సైట్‌లో ఫండ్ పక్కన రాసిన డ్రాడౌన్‌తో పోల్చితే అది రోజువారీదో నెలవారీదో, ఎన్నేళ్ళదో ముందు చూడండి. నెలాఖరు లెక్క అసలు పతనం కన్నా తక్కువో, మహా అయితే సమానమో చూపిస్తుంది కానీ ఎక్కువ చూపించదు. కాలం పెరిగేకొద్దీ అతి పెద్ద పతనం పెరుగుతుందే గానీ తగ్గదు. కాబట్టి మూడేళ్ళ డ్రాడౌన్‌ని పదేళ్ళ డ్రాడౌన్ పక్కన పెట్టడం న్యాయం కాదు.

మీ సీఏఎస్ విలువల్లో నేను ఇంకో మూడు చోట్ల వేలు పెట్టి చూస్తాను.

ఒకటి, నెల చివర దారిలో ఉన్న డబ్బు. ఒక ఫండ్ 29న రిడీమ్ చేసి, ఆ డబ్బు ఖాతాలో పడ్డాక 3న ఇంకో కంపెనీ ఫండ్‌లో వేస్తే, 31నాటి స్టేట్‌మెంట్‌లో ఆ సొమ్ము ఎక్కడా ఉండదు. యూనిట్లు పోయాయి, డబ్బు బ్యాంకులో ఉంది, బ్యాంకు బ్యాలెన్సు సీఏఎస్‌లో రాదు. బ్రోకర్ లెడ్జర్లో పడి ఉన్న డబ్బూ అంతే. దాన్ని C వరుసలో ముందు తీసినట్టు, తర్వాత వేసినట్టు రాయండి, లేదా నెలాఖరు విలువకి చేత్తో కలపండి. ఏదో ఒకటి, రెండూ చేయకండి. నేను ఒకసారి రెండూ చేసి, ఒక రాత్రంతా లేని లాభం చూసుకుని మురిసిపోయాను.

రెండోది బోనస్, స్ప్లిట్. 1:1 బోనస్ ఇస్తే ఎక్స్-డేట్ నాడు, అంటే బోనస్ హక్కు లేకుండా షేరు ట్రేడయ్యే మొదటి రోజు, షేరు ధర సగం అవుతుంది, కొత్త షేర్లు డీమ్యాట్‌లోకి రావడానికి మాత్రం కొంత సమయం పడుతుంది. 2024 అక్టోబరు 1 నుంచి సెబీ కొత్త నిబంధన వల్ల రికార్డు తేదీ తర్వాత రెండో రోజుకే బోనస్ షేర్లు ట్రేడింగ్‌కి రావాలి కనుక ఇప్పుడు ఆ సందు చిన్నది. అంతకు ముందు స్టేట్‌మెంట్లలో ఇది ఎక్కువ రోజులు ఉండేది. నెలాఖరు సరిగ్గా ఆ సందులో పడితే ఆ షేరు విలువ సగానికి పడినట్టు, మరుసటి నెల రెట్టింపైనట్టు కనిపిస్తుంది. దీన్ని C వరుసతో సరిచేయకూడదు, ఎందుకంటే డబ్బు ఏమీ కదల్లేదు. రావాల్సిన షేర్లని ఆ రోజు ధరతో గుణించి B వరుసలోనే కలపాలి. ఒకే నెలలో పెద్ద పతనం, మర్నెలలో దాదాపు అంతే పెరుగుదల, నిఫ్టీలో ఆ జాడ లేకపోవడం, ఈ మూడూ కలిసి కనిపిస్తే ముందు బోనసేమో చూడండి.

మూడోది, నెలలు లేకపోవడం. లావాదేవీ ఉన్న నెలకే నెలవారీ సీఏఎస్ వస్తుంది, లేకపోతే ఆరు నెలలకి ఒకటి. ఆ ఖాళీ నెలల్లో చాలామంది పాత విలువనే మళ్ళీ దించుతారు, లేదా రెండు చివరల మధ్య గీత గీసినట్టు సమంగా పంచుతారు. పాత విలువ దించితే ఐదు సున్నాలు, ఆరో నెల ఒక్క గంతు. సమంగా పంచితే ఊగిసలాట మాయమై వోలటిలిటీ దొంగతనంగా తగ్గుతుంది. రెండూ వద్దు. లావాదేవీ లేదంటే యూనిట్లూ షేర్లూ మారలేదనేగా. ప్రతి ఫండ్ నెలాఖరు ఎన్‌ఏవీ మ్యూచువల్ ఫండ్ కంపెనీల సంఘం ఆంఫీ వెబ్‌సైట్‌లో పాత తేదీలకి కూడా దొరుకుతుంది, షేర్ల ముగింపు ధరలు ఎక్స్ఛేంజ్ సైట్లలో ఉంటాయి. సంఖ్యని ధరతో గుణించి ఆ నెల విలువ మీరే కట్టుకోండి. పది ఫోలియోలున్నా ఒక సాయంత్రం పని.

ఇదే దారిలో జూన్ లెక్కని కూడా ఇంకాస్త బిగించవచ్చు. పోర్ట్‌ఫోలియోలో పదో వంతు దాటి డబ్బు కదిలితే నేను రోజుల లెక్క మీద ఆధారపడను, ఆ రోజు విలువ కట్టి నెలని రెండు ముక్కలు చేస్తాను. మీ 2.5 లక్షలు 10 లక్షల్లో నాలుగో వంతు. 2024 జూన్ మామూలు నెల కూడా కాదు, ఎన్నికల ఫలితాల రోజు 4న మార్కెట్ బాగా పడి తర్వాత లేచింది. ఆ 2,50,000 నెల మొదట్లోనే తీశారనుకుంటే రాబడి 7.9, చివర తీశారనుకుంటే 5.9. జూన్ 10 నాటి ఎన్‌ఏవీలూ ధరలూ తీసి ఆ రోజు విలువ రాసుకోండి. మొదటి ముక్క ఆ విలువని 10,10,000తో భాగించడం. రెండో ముక్క 8,20,000ని, ఆ విలువలోంచి 2,50,000 తీసేయగా మిగిలిన దానితో భాగించడం. రెండిటినీ గుణించి ఒకటి తీసేస్తే జూన్ రాబడి. దీనివల్ల మీ డ్రాడౌన్ 18.9 కదలదు, ఎందుకంటే ఆ పతనం సెప్టెంబరులో మొదలైంది, జూన్ దాని బయట ఉంది. వోలటిలిటీ మాత్రం కొంచెం అటూ ఇటూ అవుతుంది. నవంబరు మాత్రం పతనం లోపలే ఉంది, అక్కడ కదిలిన డబ్బు మూడో వంతు కన్నా ఎక్కువ, రోజుల లెక్కలో 3 లక్షలు ఏ రోజు వేశారనుకున్నా రాబడి మైనస్ 0.18కీ మైనస్ 0.24కీ మధ్యే వస్తుంది, కానీ 20కి ముందు మార్కెట్ పడి తర్వాత లేచి ఉంటే అసలు రాబడి అంతకన్నా తేడాగా ఉండొచ్చు, కాబట్టి అక్కడా ఇలాగే రెండు ముక్కలు చేయండి.

ఇంకొక్క మాట, షేర్ల డివిడెండ్లు మీ బ్యాంకులో పడతాయి, స్టేట్‌మెంట్ విలువలో ఉండవు. ఖచ్చితంగా కావాలంటే అవి కూడా తీసిన డబ్బే, C వరుసలో మైనస్‌తో వెళ్ళాలి. పెద్ద కంపెనీల పోర్ట్‌ఫోలియోకి అది ఏడాదికి ఒకటి, ఒకటిన్నర శాతం. నేనైతే డ్రాడౌన్ కోసం వదిలేస్తాను, ఏడాది రాబడి చెప్పేటప్పుడు మాత్రం కలుపుతాను.